గ్రూప్-2 ప్రిలిమ్స్ మాక్ టెస్ట్: సెక్షన్ల వారీ మార్కులు, రివిజన్ లెక్క

అబ్బయా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ రాత్రి కూర్చుని కాగితం మీదకు ఎక్కించాను. ఇంకోసారి వరసలో పంపు. 31 నుంచి 34 దాకా రెండుసార్లు వచ్చాయి, 88వ ప్రశ్న కింది భాగం తెగిపోయి పచ్చో ఎరుపో తెలియలేదు. మీ యాప్ సెక్షన్ల వారీగా ఏమీ చూపించట్లేదు, మొత్తం మాత్రమే ఇస్తోంది: ఒప్పు 85, తప్పు 39, మార్కులు 72. నా లెక్కలో తప్పులు 39 సరిగ్గా కలిశాయి, ఒప్పులు మాత్రం 84 తేలాయి. అంటే ఆ 88 ఒప్పే, ఇండియన్ సొసైటీలో కలిపేశాను.

ప్రతి సెక్షన్‌కు 30 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. లెక్క ఇదీ:

చరిత్ర: ఒప్పు 19, తప్పు 7, వదిలినవి 4. మార్కులు 16.67
జాగ్రఫీ: ఒప్పు 14, తప్పు 15, వదిలినవి 1. మార్కులు 9
ఇండియన్ సొసైటీ: ఒప్పు 21, తప్పు 5, వదిలినవి 4. మార్కులు 19.33
కరెంట్ అఫైర్స్: ఒప్పు 13, తప్పు 9, వదిలినవి 8. మార్కులు 10
మెంటల్ ఎబిలిటీ: ఒప్పు 18, తప్పు 3, వదిలినవి 9. మార్కులు 17

ఇది చూడగానే జాగ్రఫీ, కరెంట్ అఫైర్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటావని నాకు తెలుసు. ఆగు. తక్కువ మార్కులొచ్చిన సెక్షన్‌కే ఎక్కువ టైమ్ పెట్టాలని లేదు. తప్పు పెట్టిన ప్రశ్న ఈసారి ఒప్పైతే మార్కు, దాంతోపాటు పోయిన మూడో వంతు కూడా తిరిగొస్తుంది, అంటే 1.33 లాభం. వదిలేసింది చేస్తే 1. ఈ లాభం ఏ టాపిక్‌లో ఒకేచోట పోగుపడి ఉందో అక్కడికి ముందు పోవాలి.

జాగ్రఫీలో అలాగే ఉంది. 15 తప్పుల్లో 7 ఆంధ్రప్రదేశ్ జాగ్రఫీవి, 5 శీతోష్ణస్థితివి, మిగతా 3 చెదురుమదురుగా ఉన్నాయి. ఏపీ జాగ్రఫీ ఒక్కటి సరిచేసుకుంటే 9 మార్కుల పైన వస్తాయి. కావలిలో పుట్టి పెరిగినోడివి, పెన్నకు ఎడమ ఉపనది ఏదంటే పాపాఘ్ని పెట్టావు! పాపాఘ్ని, చిత్రావతి, చెయ్యేరు కుడివైపు నుంచి కలుస్తాయి. జయమంగళి, కుందేరు, సగిలేరు ఎడమ. చదివింది గుర్తుంది నీకు, పటంలో ఎక్కడుందో చూడలేదంతే. ఆ 7 తప్పుల్లో నదులు 4, నేలలు 2, ఖనిజాలు 1. ఖాళీ పటం తెల్లకాగితం మీద రోజూ ఒకటి గీసి, నదీ పుట్టుక, ఉపనదులు, ప్రాజెక్టులు నువ్వే నింపు. మళ్లీ మళ్లీ చదివితే ఈ తప్పులు పోవు, చేత్తో గీయాల్సిందే.

శీతోష్ణస్థితిలో 5 తప్పుల్లో ఎక్కువ ఒకే మూలం నుంచి వచ్చాయి. గాలులు ఎటు నుంచి ఎటు వీస్తాయో నీకు ఖాయంగా లేదు. ఈశాన్య రుతుపవనాలతో ఎక్కువ వాన పడే ప్రాంతం అడిగితే ఉత్తర కోస్తా పెట్టావు. నెల్లూరులో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానే నైరుతి కాలపు వాన కన్నా ఎక్కువ, అది మన ఇంటి ముందు చూసేదే కదా. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గే ప్రశ్న కూడా పోయింది. వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు, రాసి పెట్టుకో.

నువ్వు రివ్యూ గుర్తు పెట్టినవి ఊహించి పెట్టినవే అనుకుంటున్నాను. జాగ్రఫీలో అవి 11, అందులో 2 ఒప్పు, 9 తప్పు. ఈ 11 వదిలేసి ఉంటే నీకు 9 బదులు 10 వచ్చేవి. ఒక్క మార్కే తేడా, కాబట్టి 'ఊహలే ముంచాయి' అనుకోకు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభం సున్నా. రెండు కొట్టేయగలిగితే మాత్రం పెట్టు, అక్కడ లెక్క నీవైపే ఉంటుంది.

చరిత్రలో 7 తప్పుల్లో 5 మధ్యయుగానివి, అన్నీ వరస అడిగినవో జతపరచమన్నవో. విజయనగర వంశాల్లో తుళువను సాళువ కన్నా ముందు పెట్టావు. సంగమ, సాళువ, తుళువ, ఆరవీడు. ఉదయగిరి కోటను కృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో తీసుకున్నాడన్నది మన జిల్లా సంగతి, అదీ తప్పే. ప్రాచీన, ఆధునిక చరిత్ర ఇప్పట్లో ముట్టుకోకు, బాగానే ఉన్నాయి.

సొసైటీలో పెద్దగా చెప్పడానికేమీ లేదు. 5 తప్పుల్లో 3 కమిషన్లవి. ఎస్సీ కమిషన్ 338, ఎస్టీ 338ఏ, బీసీ 338బీ, నువ్వు చివరి రెండూ తారుమారు చేశావు.

కరెంట్ అఫైర్స్‌కు కాగితం మీద జాగ్రఫీ తర్వాత అన్నిటికన్నా ఎక్కువ లాభం కనిపిస్తుంది, దాదాపు 20 మార్కులు. కానీ ఆ 17 ప్రశ్నల్లో ఏ రెండూ ఒక చోటివి కావు. అవార్డులు, క్రీడలు, రాష్ట్ర బడ్జెట్, అంతర్జాతీయం, అన్నీ కలిపి చల్లినట్టున్నాయి. దీనికి రోజుకు 40 నిమిషాలు కట్టిపెట్టు, అంతకు మించి ఇవ్వకు. ఇచ్చావంటే మిగతావన్నీ మింగేస్తుంది.

మెంటల్ ఎబిలిటీలో వదిలిన 9 ప్రశ్నలూ 142 నుంచి 150 దాకా వరసగా ఉన్నాయి, ముట్టనే లేదు. నీకు రాక కాదు, టైమ్ అయిపోయింది. వాటిల్లో ఎక్కువ పట్టికల లెక్కలు, నువ్వు ఎప్పుడూ చేసేవే. 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, నువ్వేమో జాగ్రఫీ ఒక్కదాని దగ్గరే ఆలోచిస్తూ కూర్చున్నట్టున్నావు. వచ్చేసారి సొసైటీ, చరిత్ర అయ్యాక నేరుగా మెంటల్ ఎబిలిటీకి పో. జాగ్రఫీ, కరెంట్ అఫైర్స్ చివర్లో. అవి తెలిస్తే అర నిమిషంలో అయిపోతాయి, తెలియకపోతే పావుగంట చూసినా తెలియవు. లెక్కలు అలా కాదు, టైమ్ ఇస్తే వస్తాయి.

తర్వాతి మాక్‌కు 12 రోజులుంది. అంగడి పని పోను నీకు రోజుకు 4 గంటలు దొరుకుతాయని నాన్న చెప్పాడు, మొత్తం 48 గంటలు. ఇలా పంచాను: ఏపీ జాగ్రఫీ 16, మధ్యయుగ చరిత్ర 10, శీతోష్ణస్థితి 8, కరెంట్ అఫైర్స్ 8, మెంటల్ ఎబిలిటీ గడియారం పెట్టుకుని 4, కమిషన్లు 2. జాగ్రఫీ, చరిత్ర ఉదయం పూట, లైబ్రరీలో. కమిషన్లు ఏ సాయంత్రమైనా సరే, బస్సులో కూడా అయిపోతాయి.

వచ్చేసారి స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ప్రశ్న నంబర్, నువ్వు పెట్టిన ఆప్షన్, ఒప్పో తప్పో మూడూ ఫ్రేములో పడేలా చూసుకో. ఊహించి పెట్టినవాటికి మాత్రమే రివ్యూ గుర్తు పెట్టు, తిరిగి చూద్దామనుకున్నవాటికి వేరే కాగితం మీద రాసుకో. రెండూ కలిపేస్తే నా లెక్క కుదరదు. ఈ ఆదివారం మొదటి ఖాళీ పటం ఫొటో తీసి పంపించు, పెన్న ఒక్కటే అయినా చాలు.

అక్క, ఒంగోలు