తుది బిల్లు మంజూరు కోరుతూ కార్యనిర్వాహక ఇంజనీరు గారికి వినతిపత్రం

తేదీ: 10-11-2025

గౌరవనీయులైన కార్యనిర్వాహక ఇంజనీరు గారికి,
ఇంజనీరింగ్ డివిజన్ కార్యాలయం.

విషయం: గ్రామంలో సిమెంటు కాంక్రీటు రోడ్డు, పక్క కాలువ నిర్మాణ పని – ఒప్పందం సంఖ్య 47/2022-23 – 2023 మార్చి నుంచి పెండింగులో ఉన్న తుది బిల్లు, ధరావతు సొమ్ము విడుదల చేయవలసిందిగా కోరుట గురించి.

సూచికలు: 1) తేది 12-10-2022 నాటి ఒప్పందం. 2) తేది 18-12-2023, 05-08-2024, 21-04-2025 నాటి నా వినతిపత్రాలు.

అయ్యా,

పై విషయంలో తమరికి సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా, 18,40,000 రూపాయల విలువకు కుదిరిన ఒప్పందం ప్రకారం 320 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందంతో కాంక్రీటు రోడ్డును, దాని వెంట పక్క కాలువను గడువులోపలే, అనగా 28-02-2023 నాటికి పూర్తిచేసి అప్పగించాను. 14-03-2023న అసిస్టెంట్ ఇంజనీరు గారు తుది కొలతలను ఎం-బుక్కులో నమోదు చేయగా, డిప్యూటీ కార్యనిర్వాహక ఇంజనీరు గారు స్వయంగా పని స్థలానికి వచ్చి చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం చేశారు. 28 రోజుల క్యూబ్ పరీక్ష ఫలితాలు, నాణ్యతా విభాగం ధ్రువపత్రం, కంకర, ఇసుకకు సంబంధించిన సీనరేజీ పర్మిట్లు అన్నీ అప్పుడే దాఖలు చేశాను. ఆ రోడ్డు మీద ఈ రోజుకూ ఎక్కడా పగులు లేదని తమరు ఎప్పుడు వచ్చి చూసినా చూపించగలను.

జరిగిన పని మొత్తం విలువ 17,92,350 రూపాయలు. ఇందులో మొదటి పార్టు బిల్లు కింద 6,05,950 రూపాయల పనికి చెల్లింపు అందింది. మిగిలిన 11,86,400 రూపాయలకు, దానిపై 18 శాతం జీఎస్టీ 2,13,552 రూపాయలు కలిపి 13,99,952 రూపాయలకు తుది బిల్లు 27-03-2023న సీఎఫ్‌ఎంఎస్‌లో నమోదైంది. నాలుగు రోజుల తరువాత ఆర్థిక సంవత్సరం ముగిసి, ఆ బిల్లు చెల్లింపు కాకుండానే వెనక్కి వచ్చింది.

అప్పటి నుంచి నడిచిన క్రమం తమ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుంటున్నాను. 2023 సెప్టెంబరులో రెండోసారి నమోదు చేసిన బిల్లును నాణ్యతా ధ్రువపత్రం జతలేదన్న అభ్యంతరంతో తిప్పి పంపారు. ఆ ధ్రువపత్రం మొదటి బిల్లుతోనే ఇచ్చినందున నా దగ్గరున్న నకలును తీసుకువెళ్లి చూపించి, మళ్లీ అసలు ప్రతిని తెప్పించి సమర్పించాను. 2024 ఫిబ్రవరిలో మూడోసారి నమోదు చేసినప్పుడు బడ్జెట్ లేదన్నారు. ఇంతలో కొలతలు తీసుకున్న అసిస్టెంట్ ఇంజనీరు గారు బదిలీపై వెళ్లారు. వారి స్థానంలో వచ్చిన వారు తమకు అప్పగించిన రికార్డుల్లో ఈ పని ఎం-బుక్ లేదని చెప్పగా, 2025 మార్చిలో అది సబ్‌డివిజన్ కార్యాలయం బీరువాలోనే దొరికింది. ఆ ఏడు నెలల వెతుకులాటలో నేను ఆ కార్యాలయానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు. ఎం-బుక్ దొరికాక బిల్లును నాలుగోసారి నమోదు చేస్తామన్నారు గానీ, నేటి వరకూ నాకు టోకెన్ సంఖ్య రాలేదు. ఏ ఒక్క అధికారినీ నేను ఇందులో తప్పుపట్టడం లేదు. బిల్లు ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పేవారు లేకపోవడమే నా కష్టం.

ఈ పనికి పెట్టుబడిగా ఐదు లక్షల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. 2023 ఏప్రిల్ నుంచి ఈ అక్టోబరు వరకు 31 నెలలకు వడ్డీయే 3,10,000 రూపాయలైంది. అసలు అలాగే ఉంది. తుది బిల్లుకు ఇన్‌వాయిస్ ఇచ్చినందున, డబ్బు నా చేతికి రాకముందే, ఇన్‌పుట్ క్రెడిట్ పోగా 74,180 రూపాయల జీఎస్టీని నేనే కట్టాను. సిమెంటు దుకాణం బాకీ తీర్చడానికి నా భార్య నగలు తాకట్టుపెట్టాను. మేస్త్రీకి, కూలీలకు మాత్రం ఒక్క రూపాయి బాకీ లేకుండా పని ముగిసిన వారంలోనే ఇచ్చేశాను. ఎందుకంటే వారు నన్ను నమ్మి వచ్చినవారు. పెద్ద కాంట్రాక్టర్లకు పది పనులు ఉంటాయి, ఒకటి ఆగితే ఇంకొకటి ఆదుకుంటుంది. నా బోటి చిన్నవాడికి ఒక బిల్లు ఆగితే తరువాతి టెండరుకు ధరావతు కట్టే శక్తి కూడా ఉండదు. గత రెండేళ్లుగా నేను ఏ టెండరూ వేయలేకపోయాను.

మరొక ముఖ్యమైన విషయం. ఈ పనికి లోపాల బాధ్యతా కాలం రెండేళ్లు 28-02-2025తోనే ముగిసింది. ఆ కాలంలో మరమ్మతు చేయమని తమ కార్యాలయం నుంచి నాకు ఒక్క తాఖీదూ రాలేదు. కనుక టెండరు, ఒప్పందం సమయాల్లో నేను కట్టిన 46,000 రూపాయల ధరావతు, మొదటి పార్టు బిల్లులో 7.5 శాతం కింద నిలుపుదల చేసిన 45,446 రూపాయలు తిరిగి ఇవ్వవలసి ఉంది. అదే కారణం చేత తుది బిల్లులో మళ్లీ 7.5 శాతం, అనగా 88,980 రూపాయలు, ఎఫ్‌ఎస్‌డీగా మినహాయించే అవసరం కూడా ఉండదని మనవి. ఆదాయపు పన్ను 1 శాతం, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం కలిపి 47,456 రూపాయలు మినహాయిస్తే తుది బిల్లు కింద నాకు రావలసిన నికర మొత్తం 13,52,496 రూపాయలు. ఈ లెక్కలో ఏదైనా తేడా ఉంటే తెలియజేయండి, సరిచేసుకుంటాను.

కాలపరిమితి చట్టం ప్రకారం పూర్తయిన పని సొమ్ము కోసం దావా వేసుకునే గడువు మూడేళ్లు. అది 28-02-2026తో ముగుస్తుంది. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు కూడా ఇవ్వాలి. కోర్టుకు వెళ్లాలన్నది నా ఉద్దేశం కాదు. నా బ్రతుకు ఈ శాఖ పనులతోనే గడిచింది, ఇకపైనా గడవాలనే కోరుకుంటున్నాను. అయితే గడువు దాటిపోతే నా సొమ్మును కోర్టు ద్వారా అడిగే దారే నాకు మిగలదు. అందువల్ల చెల్లింపు ఆలస్యమయ్యే పక్షంలో, ఈ బాకీ ఉన్నట్లు తమ కార్యాలయం తరఫున సంతకంతో కూడిన ఒక లేఖ ఈ నెలాఖరులోగా ఇప్పించవలసిందిగా ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను. చట్టప్రకారం అటువంటి అంగీకారం గడువులోగా అందితే ఆ తేదీ నుంచి కాలపరిమితి కొత్తగా మొదలవుతుంది, ఇద్దరికీ కోర్టు ఖర్చు తప్పుతుంది.

కావున తమరు దయతో ఎం-బుక్ ఆధారంగా తుది బిల్లును ఈ ఆర్థిక సంవత్సరం బడ్జెట్ కింద వెంటనే తిరిగి నమోదు చేయించి, టోకెన్ సంఖ్య నాకు తెలియజేయించి, పని పూర్తయిన తేదీల వరుసను బట్టి చెల్లింపుకు పంపవలసిందిగా కోరుతున్నాను. నా తరువాత పూర్తయిన కొన్ని పనులకు బిల్లులు అందాయని తెలిసినందున ఆ వరుస మాట ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఇంకా ఏదైనా కాగితం కావలసి ఉంటే దయచేసి అన్నీ ఒకేసారి రాతపూర్వకంగా అడిగించండి. మూడు రోజుల్లో తెచ్చి ఇస్తాను. తమరు అనుమతిస్తే ఏ సోమవారమైనా కార్యాలయానికి వచ్చి తమ సమక్షంలో రికార్డులు చూపించుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎం. సుబ్బారావు,
రిజిస్టర్డ్ కాంట్రాక్టరు.

జతపరచినవి: ఒప్పందం నకలు, ఎం-బుక్ పేజీల నకళ్లు, నాణ్యతా ధ్రువపత్రం, పని పూర్తి ధ్రువపత్రం, జీఎస్టీ చెల్లింపు చలానా, గత మూడు వినతిపత్రాల రసీదులు.

ప్రతి: పర్యవేక్షక ఇంజనీరు గారికి, సమాచారం మరియు తగు చర్య నిమిత్తం.