ఆపరేషన్ నోట్: ఎడమ తుంటి ఇంటర్‌ట్రోకాంటరిక్ ఫ్రాక్చర్‌కు డీహెచ్ఎస్ ఫిక్సేషన్

తేదీ: 16.02.2025. కోత ఉ. 9:10, చివరి స్టేపుల్ 10:05.
రోగి: 72 ఏళ్ల మహిళ, 51 కిలోలు, ఆర్థో మహిళా వార్డు, బెడ్ 7. బీపీ ఉంది, రోజూ ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. షుగర్ లేదు. రక్తం పలచబరిచే మందులేవీ వాడటం లేదు. పడక ముందు ఇంట్లో కర్ర లేకుండానే తిరిగేది.
గాయం: 14వ తేదీ రాత్రి 9 గంటలకు బాత్‌రూంలో జారిపడింది. పడిన 36 గంటలకు ఆపరేషన్.
టీం: ఆర్థో అసోసియేట్ ప్రొఫెసర్ (సర్జన్), ఇద్దరు పీజీలు, మత్తు డాక్టర్, స్క్రబ్ నర్సు, సీఆర్మ్ టెక్నీషియన్.

రోగ నిర్ధారణ
ఎడమ వైపు, మూసి ఉన్న ఫ్రాక్చర్, ఏఓ 31ఏ1.2. రెండు ముక్కలే, లెస్సర్ ట్రోకాంటర్ చెదరలేదు. లేటరల్ వాల్ మందం 27 మి.మీ. హద్దు 20.5, అంతకంటే తక్కువుంటే రీమింగ్‌లోనే గోడ పగిలే ప్రమాదం ఉంటుంది కాబట్టి అక్కడ నెయిల్ వేస్తాం. ఇక్కడ గోడ గట్టిగా ఉంది, రివర్స్ ఒబ్లిక్ గీత లేదు, అందుకే డీహెచ్ఎస్.

మత్తు, ముందు జాగ్రత్తలు
వార్డులోనే ఫాసియా ఇలియాకా బ్లాక్ ఇచ్చారు, కూర్చోబెట్టేటప్పుడు నొప్పి తక్కువగా ఉంది. స్పైనల్: 0.5% హెవీ బుపివకైన్ 2 మి.లీ., ఫెంటనిల్ 20 మైక్రోగ్రాములు. కోతకు 30 నిమిషాల ముందు సెఫజోలిన్ 2 గ్రా. ఐవీ, ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రా. ఐవీ. ఎడమ తొడ మీద మార్కింగ్, పేరు, ఎక్స్‌రే మూడూ టైమౌట్‌లో సరిచూశాం.

పడుకోబెట్టడం, రిడక్షన్
ఫ్రాక్చర్ టేబుల్ మీద వెల్లకిలా. పెరీనియల్ పోస్ట్‌కు మందపాటి దూది ప్యాడ్. కుడి కాలు చాపి, పక్కకు తెరిచి ఉంచాం. లిథాటమీలో పైకి ఎత్తలేదు, అలా ఎక్కువసేపు ఉంచితే పిక్కలో కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ రావచ్చు. సీఆర్మ్ రెండు కాళ్ల మధ్య.

ముందు కాలు కాస్త బయటికి తిప్పి లాగి, తర్వాత పొడవు వచ్చాక లోపలికి 15 డిగ్రీలు తిప్పాం. ఏపీలో మెడ-షాఫ్ట్ కోణం 134 డిగ్రీలు, అవతలి వైపు 132. కొంచెం వాల్గస్ నాకు ఇష్టమే, వేరస్ ఒక్క డిగ్రీ కూడా వదలను. లేటరల్‌లో షాఫ్ట్ వెనక్కి జారి ఉంది. తొడ కింద దన్ను పెట్టి ఎత్తగానే ముందు కార్టెక్స్‌లు కలిశాయి. ఇది చూడకుండా డ్రేప్ చేస్తే తర్వాత వైర్ ఎక్కడ పెట్టినా లేటరల్‌లో మధ్యకు రాదు.

కోత
వాస్టస్ రిడ్జ్ నుంచి కిందికి 8 సెం.మీ. నిలువు కోత. ఫాసియా లేటా అదే గీతలో. వాస్టస్ లేటరాలిస్‌ను వెనక అంచు నుంచి ముందుకు ఎత్తి, రెండు పర్ఫొరేటర్ నాళాలను కాటరీతో కాల్చాం. పర్ఫొరేటర్ కాల్చకముందే తెగితే వెనక్కి ముడుచుకుపోయి చాలా రక్తం కారుతుంది, అందుకే చూసి, పట్టుకుని, తర్వాతే కోయడం.

గైడ్ వైర్
135 డిగ్రీల యాంగిల్ గైడ్‌తో, వాస్టస్ రిడ్జ్ కింద 2.5 సెం.మీ. దగ్గర ఎంట్రీ. 2.5 మి.మీ. గైడ్ వైర్. మొదటి వైర్ ఏపీలో బాగానే ఉన్నా లేటరల్‌లో ముందు మూడో వంతులోకి వెళ్లింది, తీసేశాం. రెండోది రెండు వ్యూల్లోనూ నడుమ, చివర సబ్‌కాండ్రల్ ఎముకలో. మొదటి రంధ్రం రెండో రంధ్రంలోనే కలిసిపోయి రీమర్ తీసే భాగంలోకి వచ్చింది, గోడకు అదనపు నష్టం లేదు.

తల తిరగకుండా పైన మెడలో 2 మి.మీ. కిర్ష్‌నర్ వైర్ వేశాం. స్క్రూ సవ్య దిశలో తిరిగేటప్పుడు ఎడమ తుంటిలో పై ముక్క దానితోపాటు తిరిగి రిడక్షన్ చెడటం కుడి కంటే ఎక్కువ, కాబట్టి ఎడమ వైపు దీన్ని వదిలేయడం లేదు.

రీమింగ్, లాగ్ స్క్రూ
వైర్ కొలత 95 మి.మీ. ట్రిపుల్ రీమర్ 85 దగ్గర సెట్ చేశాం. ప్రతి 10 మి.మీ.కు సీఆర్మ్ చూశాం, వంగిన వైర్‌ను రీమర్ కటివలయంలోకి తోసేయకుండా.

*చిక్కు:* రీమర్ బయటికి తీస్తుంటే గైడ్ వైర్ కూడా దానితోపాటు వచ్చేసింది. చేత్తో తిరిగి గుచ్చితే వైర్ కొత్త దారి పడుతుంది. లాగ్ స్క్రూను తిరగేసి రంధ్రంలో పెట్టి, దాని మధ్య కన్నం గుండా వైర్ తోశాం. పాత దారిలోనే వెళ్లినట్టు రెండు వ్యూల్లో ఖాయం చేసుకున్నాకే ముందుకు కదిలాం. సుమారు 4 నిమిషాలు.

ఎముక గుల్ల కాబట్టి ట్యాప్ వాడలేదు. లాగ్ స్క్రూ 85 మి.మీ., షాఫ్ట్ 8 మి.మీ., మర 12.5 మి.మీ. వేశాక టీ-హ్యాండిల్ తొడ ఎముకకు సమాంతరంగా ఆపాం, లేకపోతే బ్యారెల్ గాడి కలవక ప్లేట్ కూర్చోదు. పట్టు బాగుంది.

టిప్-ఏపెక్స్ దూరం, స్క్రీన్ మీద కొలిచి స్క్రూ షాఫ్ట్ (8 మి.మీ.)తో సరిచేసి:
TAD = (14 × 8/10) + (15 × 8/11) = 11.2 + 10.9 = 22.1 mm
25 లోపే ఉంది. ఏపీలో చివర మధ్య నుంచి రవ్వంత కిందికి, లేటరల్‌లో సరిగ్గా నడుమ.

ప్లేట్
316ఎల్ స్టీలు, 135 డిగ్రీలు, 4 రంధ్రాలు, 38 మి.మీ. బ్యారెల్. బ్యారెల్‌లో స్క్రూ జారడానికి చోటు ఉన్నట్టు చూశాం. ఇంపాక్టర్‌తో మెల్లగా తట్టి షాఫ్ట్‌కు ఆనించి, క్లాంప్‌తో పట్టాం. 3.2 మి.మీ. డ్రిల్, 4.5 మి.మీ. కార్టికల్ స్క్రూలు: పైనుంచి 38, 36, 36, 34 మి.మీ. మూడో స్క్రూ మొదట వట్టిగా తిరిగింది. అదే రంధ్రంలో కొంచెం పైకి వాల్చి మళ్లీ డ్రిల్ చేశాక రెండు కార్టెక్స్‌లూ పట్టాయి.

ట్రాక్షన్ వదిలాకే కంప్రెషన్ స్క్రూ. లాగి ఉంచి బిగిస్తే ముక్కలు కలవవు, మర మాత్రం ఎముకను కోసుకుంటుంది. రెండు వేళ్ల బిగింపు దగ్గర ఆపాం. ఫ్రాక్చర్ 3 మి.మీ. దగ్గరైంది. కంప్రెషన్ స్క్రూ తీసేశాం, కిర్ష్‌నర్ వైర్ తీసేశాం. కాలు తిప్పి చూస్తూ సీఆర్మ్: స్క్రూ కీలులోకి పోలేదు.

మూత
3 లీటర్ల సెలైన్‌తో కడిగాం. పాలీగ్లాక్టిన్ 1తో వాస్టస్ పొర, ఫాసియా. చర్మానికి 11 స్టేపుల్స్. డ్రెయిన్ పెట్టలేదు. గాజ్ గుడ్డలు, సూదులు, పరికరాల లెక్క రెండుసార్లూ సరిపోయింది. రక్తనష్టం సుమారు 180 మి.లీ. రక్తం ఎక్కించలేదు. సీఆర్మ్ 52 సెకన్లు. శాంపిల్ ఏదీ పంపలేదు.

తర్వాతి సూచనలు
1. రికవరీలో పాదం, వేళ్ల కదలిక, నాడి, పెరీనియం చర్మం చూడాలి. స్పైనల్ దిగాక పాదం పైకి ఎత్తలేకపోతే వెంటనే ఫోన్ చేయండి.
2. సెఫజోలిన్ 1 గ్రా. ఐవీ 8 గంటలకోసారి, ఇంకా రెండు డోసులు మాత్రమే.
3. ఈరోజు రాత్రి 10కి ఎనోక్సపారిన్ 40 మి.గ్రా. చర్మం కింద, రోజుకు ఒకసారి, 28 రోజులు. క్రియాటినిన్ 0.9, డోసు తగ్గించనక్కర్లేదు.
4. పారాసిటమాల్ 1 గ్రా. 8 గంటలకోసారి. డైక్లోఫెనాక్ వద్దు.
5. రేపు ఉదయం హీమోగ్లోబిన్ (ఆపరేషన్ ముందు 10.6). 8 కంటే తగ్గినా, తల తిరిగినా, గుండె దడ ఉన్నా నాకు చెప్పాలి.
6. రేపే మంచం దిగి వాకర్‌తో నిలబెట్టాలి, నొప్పి ఓర్చుకున్నంత బరువు వేయొచ్చు. "కాలు ఆనించొద్దు" అని ఎవరూ చెప్పొద్దు, ఫిక్సేషన్ దానికి సరిపోతుంది.
7. ఎక్స్‌రే ఏపీ, లేటరల్: రెండో రోజు, 6, 12 వారాలకు. స్క్రూ కొంత జారి ఫ్రాక్చర్ కలవడం మామూలే. తల వేరస్‌లోకి వాలినా, స్క్రూ చివర తలలో పైకి పాకినా వెంటనే పిలిపించాలి, అది కటౌట్‌కు మొదలు.
8. స్టేపుల్స్ 14వ రోజు. కాల్షియం, విటమిన్ డి ఈరోజు నుంచే. ఎముక గుల్లకు మందు రెండు వారాల తర్వాత ఓపీలో రాస్తాం.