రాత్రి షిఫ్టు అప్పగింత: తెరిచి ఉన్న అలర్టులు, మిగిలిన కట్టడి పనులు

బెంగళూరు, ఎలక్ట్రానిక్ సిటీ కార్యాలయం
మంగళవారం రాత్రి 10:00 నుంచి బుధవారం ఉదయం 6:30 వరకు
రాసినది: శ్రీనివాస్ (రాత్రి షిఫ్టు). అందుకునేది: మాధవి గారు (ఉదయం షిఫ్టు లీడ్)

మాధవి గారూ,

ఐదు టికెట్లు తెరిచే ఉన్నాయి. వాటిలో మిమ్మల్ని పరుగులు పెట్టించేది ఒక్కటే, INC-3382. టీ తర్వాత తాగవచ్చు, ముందు అది చదవండి. దానికి 8:14 గడువు ఉంది. కింద రాసిన సమయాలన్నీ మన కాలమానం. ఫైర్‌వాల్ లాగులు మాత్రం యూటీసీలో వస్తాయి కాబట్టి 02:14 అక్కడ ముందురోజు 20:44గా కనిపిస్తుంది. వెతికేటప్పుడు తేదీ కూడా మార్చుకోండి.

INC-3382, తీవ్రత: అధికం. FIN-LT-0417, FS-BLR-02

అకౌంట్స్ విభాగంలోని ల్యాప్‌టాప్ ఇది. 02:14కు `AudioSyncHelper` అనే షెడ్యూల్డ్ టాస్క్ నుంచి `powershell.exe -EncodedCommand` నడిచి, 203.0.113.45కు 443 పోర్టులో కనెక్షన్ తెరిచింది. ఆ టాస్క్ నిన్న సాయంత్రం 6:42కు పుట్టింది. దానికి రెండు నిమిషాల ముందు ఇన్‌వాయిస్ పేరుతో వచ్చిన జిప్ ఫైలును ఆ ఉద్యోగిని తెరిచారు. ల్యాప్‌టాప్‌ను ఆఫీసులోనే వదిలి వెళ్లారు కాబట్టి రాత్రంతా అది నడుస్తూనే ఉంది.

02:22కు ఇదే ల్యాప్‌టాప్ నుంచి FS-BLR-02కు ఆమె ఖాతాతో లాగిన్ అయింది (4624, టైప్ 3). వెంటనే `Payroll` షేర్ తెరుచుకుంది (5140). ఆ తర్వాత నాలుగు నిమిషాల్లో `svc_backup` పేరుతో 37 విఫల లాగిన్లు (4625) ఉన్నాయి. ఆ ఖాతాతో విజయవంతమైన లాగిన్ ఒక్కటీ ఇంతవరకు కనిపించలేదు. షేర్‌లో ఏ ఫైళ్లు చదివారన్నది మాత్రం చెప్పలేం. ఆ సర్వరులో 5145 ఆడిటింగ్ ఆన్ చేయలేదు. ఎవరైనా "ఏమీ పోలేదు కదా" అని అడిగితే, పోలేదని చెప్పే ఆధారం మన దగ్గర లేదన్నదే జవాబు.

చేసినవి: ల్యాప్‌టాప్‌ను 02:31కు నెట్‌వర్క్ నుంచి ఐసోలేట్ చేశాం. 02:40కు బెంగళూరు ఫైర్‌వాల్‌లో ఆ ఐపీని బ్లాక్ చేశాం. ఆమె పాస్‌వర్డ్ మార్చి, క్లౌడ్ సెషన్లన్నీ రద్దు చేశాం. రద్దుకు ముందే జారీ అయిన యాక్సెస్ టోకెన్లు గడువు తీరేదాకా పనిచేయవచ్చు కాబట్టి 05:00 వరకు సైన్‌ఇన్ లాగులను కనిపెట్టుకుని ఉన్నాం. కొత్తగా ఏదీ రాలేదు.

చేయవలసినవి, ఇదే వరుసలో:

మొదటిది, సెర్ట్-ఇన్ నివేదిక. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఘటన గమనించిన 6 గంటల్లోపు తెలపాలి. నిర్ధారణ అయిన సమయం నుంచి లెక్కపెట్టవచ్చు కదా అని మేనేజరు గారు 05:10కు అడిగారు. అలర్టు మన తెరమీదకు వచ్చిందే గమనించిన సమయమని నా అభిప్రాయం. ముసాయిదా టికెట్టుకు జతచేశాను. సమాచార భద్రతాధిపతి ఆమోదం ఒక్కటే మిగిలింది. ఆయనకు 05:20కు మెయిలు, 06:05కు ఫోను చేశాను, ఎత్తలేదు. 7:00కు మళ్లీ ప్రయత్నించండి, 7:30 దాటితే డిప్యూటీ గారి ఆమోదంతో పంపేయండి. వివరాలు అసంపూర్తిగా ఉన్నా ఫరవాలేదు, తర్వాత చేర్చవచ్చు.

రెండవది, `svc_backup` పాస్‌వర్డ్ మార్పు. బ్యాకప్ 7:15కు ముగుస్తుంది, అంతకు ముందు ముట్టుకుంటే అది మధ్యలో తెగుతుంది. ముగియగానే మార్చమని బ్యాకప్ టీముకు చెప్పాను, సరేనన్నారు. అయినా 7:20కు ఒకసారి అడగండి.

మూడవది, FS-BLR-02 ఐసోలేషన్. ఇది ఆగిపోయి ఉంది. 9:30కు జీతాల బ్యాచ్ ఉందని ఇన్‌ఫ్రా హెడ్ గారు ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా ఆ సర్వరుకు జీతాల అప్లికేషన్ నుంచి వచ్చే కనెక్షన్లు తప్ప మిగతావన్నీ ఆపే రూలు రాసి ఉంచాను. అది కూడా ఆయన అనుమతి కోసమే చూస్తోంది. బ్యాచ్ అయ్యేదాకా ఆగుదామంటే నేను ఒప్పుకోను. ఆయన మళ్లీ కాదంటే ఆ మాట టికెట్టులో ఆయన చేతే రాయించండి.

నాలుగవది, ల్యాప్‌టాప్. దాన్ని ఎవరూ ఆపకూడదు, రీస్టార్ట్ చేయకూడదు, టాస్క్‌ను తొలగించకూడదు. 16 జీబీ మెమరీని దూరం నుంచి కాపీ చేయబోతే రెండుసార్లూ మధ్యలోనే ఆగింది. ఆపితే మెమరీలో ఉన్నదంతా పోతుంది. ఫోరెన్సిక్స్ ఇంజినీరు 9:00కు వచ్చి నేరుగా తీసుకుంటారు. ఈలోగా హౌస్‌కీపింగ్ వాళ్లు ఉదయం ప్లగ్గులు తీసేస్తుంటారు కాబట్టి గార్డుతో కన్నడంలో "ఆఫ్ చేయవద్దు" అని రాయించి మూత మీద, ఛార్జరు ప్లగ్గు మీద అంటించాం. నాలుగో అంతస్తు, కిటికీ వైపు మూడో డెస్కు. షిఫ్టు మొదలవగానే ఎవరినైనా పంపి చూడమనండి. ల్యాప్‌టాప్ వాడే ఉద్యోగిని 9:30 ప్రాంతంలో కంపెనీ బస్సులో వస్తారు. నేరుగా డెస్కు దగ్గరికి వెళ్లకుండా ముందు మన దగ్గరికి రమ్మని చెప్పాలి. తప్పు చేసినట్టు మాట్లాడవద్దు, ఆ మెయిలు నిజమైన సరఫరాదారు ఖాతా నుంచే వచ్చినట్టుంది.

ఆ ఐపీతో ఇంకెవరైనా మాట్లాడారేమో గంటకోసారి ఈ క్వెరీ నడపండి. 06:00 వరకు ఒక్క ల్యాప్‌టాపే వచ్చింది.

```
DeviceNetworkEvents
| where Timestamp > ago(24h)
| where RemoteIP == "203.0.113.45"
| summarize count() by DeviceName
```

INC-3387, తీవ్రత: మధ్యస్థం. చెన్నై శాఖ ఫైర్‌వాల్

04:40 నుంచి లాగులు రావడం లేదు. మామూలు రోజైతే సర్వీసు ప్రొవైడరు పనుల వల్ల అనుకుని వదిలేసేవాణ్ని. కానీ పై ఐపీ బ్లాక్ ఆ ఫైర్‌వాల్‌లో ఇంకా పడలేదు, చెన్నై నెట్‌వర్క్ అడ్మిన్ 8:00కు గాని రారు. అంటే అక్కడ తలుపు తెరిచే ఉంది, మనకు కళ్లూ లేవు. పైన ఇచ్చిన క్వెరీ ఎండ్‌పాయింట్ల నుంచి చూస్తుంది కాబట్టి కొంత ఊరట. ఏజెంటు లేని ప్రింటర్లు, కెమెరాలు అందులో రావు. అడ్మిన్ రాగానే ముందు బ్లాక్ పెట్టించండి, లాగుల సంగతి ఆ తర్వాత. పరికరంలోనే నిల్వ ఉన్న లాగులు చెరిగిపోకుండా తీసి పంపమనండి. 180 రోజులు ఉంచవలసిన వాటిలో ఈ ఖాళీ పడితే తర్వాత జవాబు చెప్పవలసింది మనమే.

INC-3379, తీవ్రత: మధ్యస్థం. సేల్స్ మేనేజరు ఖాతా

00:50 నుంచి 01:05 మధ్య ఆయన ఫోనుకు 14 లాగిన్ ఆమోద అభ్యర్థనలు వచ్చాయి. ఒక్కటీ ఒప్పుకోలేదు. అయినా ఇది ముగిసిన కథ కాదు: మన అమరికలో పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టాకే ఆ అభ్యర్థన వెళుతుంది, కాబట్టి పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో ఉంది. ఖాతాను తాత్కాలికంగా ఆపాం. ఆయన రాజమండ్రిలో పెళ్లింట్లో ఉన్నారు, ఫోనులో మేళం వినిపిస్తోంది. 10:00 తర్వాత వీడియోలో గుర్తింపు చూసి, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి ఖాతా తెరవండి. ఫోనులో గొంతు విని మాత్రం తెరవవద్దు.

INC-3375, INC-3380, తీవ్రత: తక్కువ

మొదటిది ప్రింట్ సర్వరులో పాత పాస్‌వర్డ్‌తో నడుస్తున్న టాస్క్ వల్ల పదేపదే వస్తున్న 4740. సర్వరు టీము సరిచేస్తే మూసేయండి. రెండవది పొడవాటి డీఎన్‌ఎస్ టీఎక్స్‌టీ ప్రశ్నలు. యాంటీవైరస్ తనిఖీల్లాగే ఉన్నాయి, కంపెనీ సమాధానం రావాలి. అది వచ్చేదాకా మినహాయింపు జాబితాలో చేర్చవద్దు.

నేను 8:30 వరకు ఫోనులో ఉంటాను. ఆ తర్వాత నిద్రపోతాను, సర్వరు విషయంలో ఇన్‌ఫ్రా హెడ్ గారు మాట మారిస్తే మాత్రం లేపండి.