అసిస్టెంట్ కోచ్ ఉద్యోగానికి దరఖాస్తు

హనుమకొండ

ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం. మీ స్కూల్లో అసిస్టెంట్ కోచ్ పోస్టు ఖాళీగా ఉందని తెలిసి రాస్తున్నాను. కాకతీయ యూనివర్సిటీలో 2024లో బీపీఈడీ పూర్తి చేశాను.

టీచింగ్ ప్రాక్టీసులో ఒక ప్రభుత్వ హైస్కూల్ అమ్మాయిలకు ఖోఖో నేర్పాను. పోల్ దగ్గర మలుపు తిరగాలంటేనే జంకే ఎనిమిదో తరగతి పాప కోసం రోజూ పొద్దున ఆరింటికే గ్రౌండ్‌కి వెళ్లి, ముగ్గుపిండితో అడుగుల గుర్తులు వేసేదాన్ని. నెల తిరిగేసరికి పోల్ డైవ్ కొట్టింది!

కబడ్డీ, వాలీబాల్ కూడా చూసుకోగలను. క్రికెట్ మాత్రం నాకు అంతగా రాదు, ముందే చెబుతున్నాను. బెణుకులకు, దెబ్బలకు ఫస్ట్ ఎయిడ్ చేయగలను.

సర్టిఫికెట్ల జిరాక్సులు జతచేశాను. మీరు ఏ రోజు రమ్మన్నా వచ్చి గ్రౌండ్‌లో డెమో ఇస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
శ్రావణి