మౌస్ మీద చెయ్యి

సూర్యనారాయణ గారికి సీటు రావడం కష్టం కాలేదు. అప్లికేషన్ పెట్టడమే కష్టమైంది. ఫొటో 50 కేబీ దాటకూడదట, సంతకం 20 కేబీ. సంతకానికి బరువేమిటో ఆయనకు అంతుపట్టలేదు. పాసైన సంవత్సరం దగ్గర వేలు పెట్టి కిందికి లాగితే జాబితా 1990 దగ్గరే ఆగిపోయింది. ఆయన బీయెస్సీ పాసైంది 1982లో. ఓటీపీ ఏమో సత్యవతి గారి ఫోనుకి వస్తుంది, ఆవిడ ఆ ఫోను పట్టుకుని గుడికి వెళ్ళారు. చివరికి మధురవాడ జంక్షన్‌లో నెట్ సెంటర్ కుర్రాడు వంద రూపాయలు తీసుకుని, యూనివర్సిటీకి ఫోన్ కొట్టి, అంతా పూర్తిచేసి, "మీ మనవడిని ఫీజు గడువులోగా కట్టమనండి తాతగారూ" అన్నాడు.

"మనవడు ఎల్‌కేజీ. సీటు నాకే."

కుర్రాడు తలెత్తి ఒకసారి చూసి, ప్రింటు తీయడంలో పడిపోయాడు.

కోర్సు పేరు జియోఇన్ఫర్మాటిక్స్‌లో పీజీ డిప్లొమా, అంటే కంప్యూటర్‌లో పటాలు గీసి నేలని కొలిచే చదువు. ఈ వయసులో భగవద్గీత క్లాసుకో యోగాకో వెళ్ళక ఇదేమిటని సత్యవతి గారు అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేక కాదు, చెబితే చిన్నతనంగా ఉంటుందని. మండల సర్వేయరుగా గొలుసు, క్రాస్ స్టాఫ్ పట్టుకుని ఉత్తరాంధ్ర పొలాల గట్లన్నీ తిరిగిన మనిషి. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహాల సాయంతో చోటు తేల్చే రోవర్లు వచ్చాయి, వాటితోపాటు సచివాలయాల గ్రామ సర్వేయర్లు వచ్చారు. రోజంతా పట్టే కొలతని ఆ పిల్లలు టిఫిన్ వేళకి ముగించి, ట్యాబ్‌లో చూపించి, "సార్, ఒక సంతకం" అనేవాళ్ళు. ఆయన పెట్టేవారు. అంతకుముందు తను కొలిచినదాని మీద సంతకం పెట్టేవారు. ఆ చివరి మూడేళ్ళు మాత్రం ఎలా కొలిచారో తెలియనిదాని మీద పెట్టారు. రిటైరైన రోజు శాలువా, దండ, ఫొటో అన్నీ అయ్యాయి. ఇంటికొచ్చాక కూడా అదే గుచ్చుకుంది.

క్లాసులో ఇరవై రెండు మంది. మొదటిరోజు ఆయన లోపలికి వెళ్ళగానే అందరూ లేచి నిలబడి "గుడ్‌మార్నింగ్ సార్" అన్నారు. ఆయన వెళ్ళి మూడో బెంచీలో కూర్చునేసరికి వెనక నవ్వులు. ఆ రోజుకి అది ఆయనకీ సరదాగానే ఉంది.

సరదా ల్యాబ్‌లో తీరిపోయింది. మేడమ్ చెప్పే మాట చెవిని పడేలోపు పిల్లల తెరల మీద మూడు కిటికీలు తెరుచుకుని మూసుకుపోయేవి. "రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సోర్స్..." ఈయన ఇంకా రైట్ క్లిక్ దగ్గరే ఉండేవారు. పక్క సీటు ప్రణీత్ ఇంజనీరింగ్ పూర్తిచేసి వచ్చినవాడు, చురుకైనవాడు, మంచివాడు కూడా. అదే వచ్చిన చిక్కు. సూర్యనారాయణ గారు తడబడటం చూస్తే వాడు ఆగలేడు. "ఒక్క సెకను అంకుల్" అని చెయ్యి చాపి మౌస్ తీసుకునేవాడు. టకటకా నాలుగు నొక్కులు. "అయిపోయింది. ఇంత సింపుల్."

ఏం నొక్కాడో తెలిసేది కాదు. రెండోసారి అడిగితే మళ్ళీ అలాగే చేసిచ్చేవాడు. మూడోసారి అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఒకరోజు ఆయన తన సొంతూరి పాయింట్లను తనే ఎక్కించుకున్నారు. గొలుసు లేకుండా ఊరిని తెర మీద చూడబోతున్నానని గుండె కొంచెం వేగంగానే కొట్టుకుంది. పాయింట్లు వచ్చాయి గానీ చుట్టూ అంతా నీలం. ఎంత దూరం జరిపినా నీలమే. ప్రణీత్ వంగి చూసి పగలబడి నవ్వాడు. "అంకుల్, మీ ఊరు ఆర్కిటిక్ సముద్రంలో ఉంది!" అక్షాంశం ఉండాల్సిన గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం పడ్డాయి. 18, 83 కాస్తా 83, 18 అయ్యేసరికి విజయనగరం జిల్లా ఉత్తర ధ్రువం దాపుకి చేరింది. నలుగురు చుట్టూ చేరారు. ఎవరో ఫొటో కూడా తీశారు. ప్రణీత్ చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది.

"మౌస్ మీద చెయ్యి తియ్యి బాబూ."

గట్టిగా అన్నానని ఆయనకే తర్వాత తెలిసింది. ల్యాబ్ నిశ్శబ్దమైపోయింది. ప్రణీత్ మొహం ఎర్రబడింది. "హెల్ప్ చేద్దామనే కదా" అని గొణిగి తన తెర వైపు తిరిగిపోయాడు. ఊరిని ధ్రువం నుంచి తిరిగి తెచ్చుకోవడానికి సూర్యనారాయణ గారికి మిగతా పీరియడంతా పట్టింది. బెల్లు కొట్టాక అటెండరు వచ్చి ఫ్యాన్లు ఆపేసినా ఆయన లేవలేదు.

ఆ తర్వాత వారం ఇంటర్నల్ టెస్ట్ అన్నారు. రాత్రంతా పుస్తకంలో రాసుకున్న మెట్లు చదువుకుని, తొమ్మిదింటికల్లా వెళ్ళారు. ల్యాబ్‌కి తాళం. పదింటికి క్లాసులో అమ్మాయి హారిక ఏదో రికార్డు సంతకానికి వచ్చి ఈయన్ని చూసి ఆగిపోయింది.

"టెస్ట్ సోమవారానికి మారింది సార్. గ్రూప్‌లో పెట్టారు కదా."

ఆయన ఫోను తీశారు. గ్రూప్‌లో ఆఖరి మెసేజ్ ఆయనదే. సూర్యోదయం, గులాబీలు, శుభోదయం.

హారిక పెదవి కొరుక్కుంది. "అది... ఇంకో గ్రూప్ ఉంది సార్. అందులో అన్నీ పిచ్చి మాటలు. మేడమ్ మీద జోకులు. మీరుంటే బాగుండదని..."

కష్టంగానే ఉంది. కానీ కోపం తెచ్చుకుందామంటే రాలేదు. తహసీల్దారుకి తెలియకుండా వెనక వరండాలో టీ తాగుతూ తామంతా ఎవరి గురించి ఏమేం అనుకున్నారో గుర్తొచ్చింది. "టెస్ట్ మారితే మాత్రం నాకు విడిగా చెప్పమ్మా" అన్నారు. హారిక అక్కడే కూర్చుని, సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, "సార్, మీరే నొక్కండి. నేను చేతులు కట్టుకుంటా" అంది. నిజంగానే కట్టుకుంది. తప్పు చోట నొక్కితే "ఊహూ" అనేది, అంతే. రెండు "ఊహూ"లకి ఒక "ఆఁ" చొప్పున మధ్యాహ్నం దాకా సాగింది.

టెస్ట్‌లో పాత ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకంలోని పేజీ స్కాన్ ఒకటి ఇచ్చి, ఆ సర్వే నంబరు విస్తీర్ణం తేల్చమన్నారు. అందులో జి-లైన్లు, ఆఫ్‌సెట్లు అనే పాత కొలత గీతలు చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గొలుసు 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. కాగితం మీద వేళ్ళతోనే లెక్క కట్టేశారు, మూడెకరాల పాతిక సెంట్లు. తెర మీద గట్లన్నీ గీసి, `area($geometry)` కొట్టారు.

```
0.00000112
```

చెమట పట్టింది. పక్కన ప్రణీత్ ఓరగా చూశాడు, చెయ్యి మాత్రం కదపలేదు. ఆ రోజు తర్వాత వాడు కదపడం మానేశాడు. సూర్యనారాయణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇది అడుగులూ కాదు, మీటర్లూ కాదు. మరి దేనితో కొలిచింది? తెర కింద మూలన సన్నగా `EPSG:4326` అని ఉంది. అంటే డిగ్రీలు. పొలాన్ని డిగ్రీలతో కొలిస్తే ఇంకేం వస్తుంది! గొలుసు మార్చాలి, అంతే. లేయరుని మీటర్లతో కొలిచే `EPSG:32644`లోకి మార్చి మళ్ళీ కొట్టారు. 13,139 చదరపు మీటర్లు. సెంటుకి 40.47 చొప్పున భాగిస్తే మూడెకరాల ఇరవై నాలుగు సెంట్లు, ఇంకో సెంటులో మూడింట రెండొంతులు. గట్టు గీయడంలో తన చెయ్యి కాస్త వణికినట్టుంది.

ఇరవైకి పదమూడు వచ్చాయి. ప్రణీత్‌కి పంతొమ్మిది. రెండో గ్రూప్‌లో ఆయన్ని చేర్చారా అంటే లేదు. ఆయనా అడగలేదు.

ఫీల్డ్ వర్క్‌కి విజయనగరం వైపు ఒక పల్లెకి తీసుకెళ్ళారు. జట్ల జాబితాలో తన పేరు పక్కన ప్రణీత్ పేరు చూసి ఆయన ఏమీ అనలేదు. వాడూ అనలేదు. పొద్దున్నుంచి రోవరు కర్ర ఆయన నిలబెట్టడం, ట్యాబ్‌లో వాడు నొక్కడం. కర్ర నిటారుగా ఉందని బుడగ చూసి చెప్పడానికి తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

జీడిమామిడి తోట గట్టు మీద ఒక పెద్దాయన తువ్వాలు తలకి చుట్టుకుని చాలాసేపటి నుంచి వీళ్ళనే చూస్తున్నాడు. చివరికి దగ్గరికి వచ్చాడు.

"ఏటి బావూ ఇది? మా బూమి ఏటి సేస్తన్నారు?"

"ఏం లేదు పెద్దాయనా, కాలేజీ పని. చెప్పినా మీకర్థం కాదులే" అన్నాడు ప్రణీత్, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా. వాడి గొంతులో విసుగు కూడా లేదు. పనిలో ఉన్నాడు, అంతే.

సూర్యనారాయణ గారికి కర్ర చేతిలో ఒక క్షణం ఒరిగింది. ఆ మాట ఆయనది. అచ్చంగా ఆయనదే. ఎఫ్‌ఎంబీ తెరిచి, అందులో ఏముందో చూద్దామని రైతు మెడ సాచితే, పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని ఎన్ని గట్ల మీద అని ఉంటారో ఆ మాట. "నీకర్థం కాదులే." అదీ విసుగుతో అన్నది కాదు. పని జరగాలి, పొద్దుపోతోంది, అంతే.

ఆయన కర్రని గట్టుకి ఆనించి వచ్చి, "ఒకసారి ఇటివ్వు ప్రణీత్" అని ట్యాబ్ అందుకున్నారు. దాన్ని రైతు వైపు తిప్పారు. "ఇదిగో, ఇది పైనుంచి తీసిన ఫొటో. ఇది మీ తోట. ఈ ఎర్రగీత మేం ఇప్పుడు నడిచింది. నూయి కనబడుతోందా?"

"నుయ్యే!" పెద్దాయన వేలు పెట్టి పొడిచాడు. బొమ్మ జర్రున జారి, తోటా నుయ్యీ పోయి, ఎక్కడో చెరువు వచ్చింది. కంగారుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పాడైపోనాదా బావూ?"

ప్రణీత్ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. సూర్యనారాయణ గారు ఆ మణికట్టు పట్టుకుని ఆపారు. వాడు ఆయన మొహంలోకి చూశాడు. చేతులు కట్టుకున్నాడు.

"ఏం కాలేదు. మెల్లగా ఇటు లాగు పెద్దాయనా. ఆ చెరువు మీదేనా?"

"మాది కాదు, ఊరిది." మట్టి అంటిన వేలు తెర మీద ఆగి ఆగి జరిగింది. ఒకసారి దాటిపోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. నుయ్యి దొరికింది. దాని పక్కనుంచి గట్టు వెంబడే వేలిని తీసుకెళ్ళి, ఉత్తరం మూల దగ్గర ఆపాడు పెద్దాయన. గొంతు తగ్గించాడు.

"అయితే బావూ, మా పాలోడు ఈ మూల ఎంత కలిపేసుకున్నాడో ఇందులో తెలుస్తాదా?"

ప్రణీత్ సూర్యనారాయణ గారి వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం? చూడు, ఆయన అడిగింది నిన్ను" అన్నారాయన, కర్ర తీసుకుని ఉత్తరం మూలకి నడుస్తూ. "అక్కడ రాయి ఉందో లేదో నేను చూస్తా. ఈలోపు ఎకరానికి ఎన్ని సెంట్లో గుర్తు చేసుకో, ఆయనకి చదరపు మీటర్లలో చెప్పకు!"