నూట ఎనభై కిటికీలు

పెన్ను మూత తీసి పట్టుకున్నాను గానీ సంతకం పెట్టలేదు. 58వ పేజీలో 291.60 అన్న అంకె ఉంది. దాన్ని అంతకుముందే ఎక్కడో చూశాను.

ఫైనల్ బిల్లు అంటే మా సైట్లో పెళ్ళి ముహూర్తం లాంటిది. అందరూ తొందరే. మా ప్రాజెక్టు మేనేజరు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాదు వెళ్ళాలి. సంతకాలైన కాగితాలు ఆయన బ్యాగులో ఉండాలి. మధురవాడలో ఎండ దంచేస్తోంది. కంటైనరు ఆఫీసులో ఏసీ నీళ్ళు కారుస్తుంటే కింద పెయింటు డబ్బా పెట్టాం. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో సింహాచలం గారు, ప్లాస్టరింగు కాంట్రాక్టరు, చేతిలో టీ గ్లాసు. ఆయన సంతకాలు అప్పుడే అయిపోయాయి. కొలతలు రాసే ఎం-బుక్కులో ప్రతి పేజీ కిందా పెట్టారు. ఆఖర్న "పూర్తి సొమ్ము ముట్టినట్టే, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద కూడా పెట్టేశారు.

"ఏటి బాబూ, ఆగిపోనారు?"

"ఒక్క నిమిషం" అని పేజీలు వెనక్కి తిప్పాను. 41వ పేజీ. లోపలి ప్లాస్టరింగు, డిడక్షన్లు, కిటికీలు: 180 × 1.20 × 1.35 = 291.60. మళ్ళీ 58. బయటి ప్లాస్టరింగు, డిడక్షన్లు, కిటికీలు: 180 × 1.20 × 1.35 = 291.60.

ఏ పేజీకి ఆ పేజీ చూస్తే తప్పేం లేదు. గోడ మొత్తం కొలిచారు, కిటికీ ఉన్నచోట తీసేశారు. లోపలి షీటు ఒకరు చేశారు, బయటి షీటు ఇంకొకరు. బయటిది చేసిన కుర్రాడు ఆర్నెల్ల కిందటే మస్కట్ వెళ్ళిపోయాడు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది, ఒకే కన్నాన్ని రెండుసార్లు తీసేశామని.

మా అగ్రిమెంటులో కొలతలన్నీ ఐఎస్ 1200 ప్రకారం అని ఉంది, కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారతీయ ప్రమాణం అది. అందులో 12వ భాగం ప్లాస్టరింగుది. అర చదరపు మీటరు దాటని కన్నానికి ఏమీ తియ్యకూడదు. అర నుంచి మూడు లోపు అయితే ఒక్క వైపే తియ్యాలి. మూడు దాటితేనే రెండు వైపులా తీసి, కిటికీ అంచుల కొలత వేరేగా కలపాలి. మా కిటికీ 1.62. అంటే ఒక్క వైపే. ఎందుకలా అంటే, కిటికీ చుట్టూ లోపలికి మడిచే అంచులు కూడా మేస్త్రి పూస్తాడు గదా, దానికి విడిగా డబ్బు లేదు. రెండోవైపు తియ్యకుండా వదిలేసేది దానికి బదులు. ఎవరో గోడ దగ్గర నిలబడి ఆలోచించి రాసిన రూలే అది, టేబుల్ దగ్గర కూర్చుని రాసింది కాదు. వెంటిలేటర్లు 0.60 × 0.45, అంటే 0.27, వాటిని మటుకు మా కుర్రాడు సరిగ్గానే వదిలేశాడు. సగం రూలు తెలిసినవాడి తప్పు ఇలాగే ఉంటుంది, పట్టుకోవడం కష్టం.

అయితే ఏ వైపు తియ్యాలి? లోపల 12 మిల్లీమీటర్ల పూత, బయట 20. రేట్లు వేరు. రెండు వైపులా పూత వేరైనప్పుడు ఫ్రేముకి ఏ వైపు అంచు తక్కువ ఉంటే ఆ వైపు తియ్యాలి. రెండోవైపు ముట్టుకోకూడదు.

డ్రాయింగు చూస్తే సరిపోయేది. కానీ నేను టేపు తీసుకుని రెండో అంతస్తుకి వెళ్ళాను. సముద్రపు గాలికి టేపు మొదలు ఎప్పుడో తుప్పు పట్టింది, అంకెలు చెరిగిపోయాయి. అందుకే పది సెంటీమీటర్ల దగ్గర పెట్టి కొలిచి పది తీసేసే అలవాటు నాది. 207వ గది కిటికీ. లోపలి అంచు 5 సెంటీమీటర్లు. తలుపు తీసి చెయ్యి బయటికి పెట్టి కొలిచాను. 15. వేలితో తడిమితే పై అంచు అడుగున వాన నీరు లోపలికి పాకకుండా గీసిన గాడి తగిలింది. గాడి ఒక చోట కొంచెం వంకర. పరంజా మీద నిలబడి, తల పైకెత్తి, ఐదో అంతస్తు దాకా ఇలాంటివి నూట ఎనభై గీశారు.

ఆ ఫ్రేములు అంత లోపలికి ఎందుకున్నాయంటే, ఈ హాస్టలు యజమాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నారు. కిటికీల్లోంచి వాన అడ్డంగా కొట్టి ఇల్లంతా చెరువైపోయిందని ఇప్పటికీ చెబుతుంటారు. అందుకని ఈ బిల్డింగులో ఫ్రేములన్నీ లోపలికి జరిపించారు. బయట అంత అంచు పూసింది సింహాచలం గారి మనుషులు. ఆ అంచు ఉండబట్టే లోపలి వైపు తియ్యాలి, బయటి వైపు తియ్యకూడదు. మేము తీశాం.

291.60 ని బయటి పూత రేటు 410తో గుణించాను. 1,19,556 రూపాయలు. జీఎస్టీ వేరే.

మెట్లు దిగుతుంటే, నిజం చెప్పాలంటే, మొదట వచ్చిన ఆలోచన ఆ డబ్బు గురించి కాదు. 58వ పేజీ మార్జిన్లో ఉన్న ఎర్ర టిక్కు గురించి. చెక్ చేసినట్టు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేది నేనొక్కణ్ణే. పని నడుస్తుండగా ఇచ్చే రన్నింగు బిల్లుల్లో సుమారుగా ఇచ్చుకుంటూ వచ్చాం, డిడక్షన్లు ఫైనల్లో తేల్చుకుందామని. తేల్చాల్సిన రోజున గుణకారాలు సరిచూశాను. 180 × 1.20 × 1.35 ఎంతో చూశాను గానీ, అది ఆ పేజీలో ఎందుకుందో చూడలేదు.

మేనేజరు గారిని పక్కకి పిలిచి చెప్పాను. ఆయన మొదట అడిగింది ఒక్కటే.

"అతను సంతకం పెట్టాడా?"

"పెట్టాడు సార్."

"నో క్లెయిం ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"మరింకేంటయ్యా? నేను పైవాళ్ళకి ఫిగరు చెప్పేశాను. ఇప్పుడు లక్ష పెరిగిందంటే నన్నేమంటారు?"

"అతను ఎక్కువ అడగట్లేదు సార్. మనం తక్కువ కొలిచాం. అగ్రిమెంటు ప్రకారమే ఇవ్వాల్సింది. రేపు ఆడిట్లో ఎక్కువ ఇచ్చినట్టు తేలితే రికవరీ పెడతాం గదా, తక్కువ ఇస్తే మాత్రం సంతకం అడ్డం పెట్టుకుంటామా?"

ఆయన వాచీ చూసుకున్నారు. కిటికీలోంచి సింహాచలం గారిని చూశారు. ఆయన గ్లాసులో ఈగ పడిందేమో, వేలితో తీస్తున్నారు.

"ఆ పేజీ మీద టిక్కు ఎవరిది?"

"నాదే సార్."

కాసేపు ఏమీ అనలేదు. తరవాత బ్యాగు భుజానికి తగిలించుకుని, "అయితే నోటు నువ్వే రాయి. ఎవరు చూశారు, ఎలా తప్పింది, అంతా నీ పేరు మీదే. సోమవారానికి మెయిల్లో ఉండాలి. ఇంకెక్కడైనా ఉందేమో మొత్తం చూడు, మళ్ళీ మళ్ళీ నావల్ల కాదు" అని కారెక్కేశారు. కోప్పడితే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి, మర్నాడు కూర్చుని బిల్లంతా మొదటి నుంచీ తిప్పాను. ఈసారి పేజీ పక్కన పేజీ పెట్టి. మేనేజరు గారన్నట్టే ఇంకోటి దొరికింది. పిట్టగోడ తల, 96.00 × 0.25 = 24.00. బయటి షీటులో ఉంది, టెర్రసు షీటులోనూ ఉంది. ఇది ఎదురు తప్పు. 9,840 రూపాయలు ఎక్కువ వేశాం.

శనివారం సింహాచలం గారిని రమ్మన్నాను. శృంగవరపుకోట నుంచి బస్సులో వచ్చి, హనుమంతువాకలో దిగి ఆటో ఎక్కి వచ్చారు. కిటికీల సంగతి చెప్పగానే ఆయన సంతోషపడలేదు. జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన చిన్న నోటుబుక్కు తీశారు. పేజీలు చెమటకి ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఎన్ని అడుగులు బాబూ అది?"

మీటర్లని అడుగుల్లోకి మార్చాను. "మూడు వేల నూట ముప్ఫై తొమ్మిది."

ఆయన ఒక పేజీ దగ్గర వేలు పెట్టి నాకు తిప్పారు. బయటి పూతకి మేస్త్రీలకి ఇచ్చిన అడుగుల మొత్తం, దాని కింద మా బిల్లులోని మొత్తం, దాని కింద తేడా, చుట్టూ మూడు నాలుగుసార్లు సున్నా చుట్టారు. 3,150.

"మేస్త్రీలకి బయట కన్నాలు తీయం బాబూ. అంచులు పూస్తారు గదా, ఎలా తీస్తాం. లోపల తీస్తాం. లోపల సరిపోనాది. బయటే తేడా కొట్టీసింది. మా మేనల్లుడు ఏటన్నాడంటే, మావా నీకు లెక్కలు రావు, కంప్యూటరు తప్పు సెప్పదు అన్నాడు. నిజమే గావాలనుకుని సంతకం పెట్టీసినాను."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. 58వ పేజీలో ఆ లైను మీద అడ్డంగా ఒక్క గీత గీశాను. ఎం-బుక్కులో చెరపకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు, కొట్టేసింది కూడా చదవడానికి కనబడాలి. పక్కన పొట్టి సంతకం, తేదీ. ఎర్ర టిక్కు మీద కూడా అలాగే గీసి సంతకం పెట్టాను. ఆయన కూడా పెట్టారు.

అప్పుడు పిట్టగోడ పేజీ తిప్పాను.

"ఇది రెండుసార్లు పడింది సింహాచలం గారూ. ఒకటి తీసెయ్యాలి."

ఆయన వంగి చూసి, నోటుబుక్కు మూసి జేబులో పెట్టేసుకున్నారు.

"అదెలా తీస్తారు బాబూ? అది రెండుసార్లు పూసినాం గదా."

"రెండుసార్లా?"

"మొదటిసారి పూసిన రాత్రే వానొచ్చి కొట్టుకుపోనాది. మళ్ళీ పూసినాం. రెండుసార్లు పూసినప్పుడు రెండుసార్లు రాసీరంటే న్యాయమే గదా."

"వానకి పోయింది మళ్ళీ పూస్తే దానికి డబ్బుండదండీ. పూర్తయిన పనికే కొలత."

"కన్నానికి డబ్బుంటాది, కొట్టుకుపోయినదానికి ఉండదా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయనకి నవ్వు రాలేదు. పావుగంట వాదించారు. ఇసుక రేటు చెప్పారు, సిమెంటు బస్తాలు చెప్పారు, ఆ రాత్రి టార్పాలిన్ పట్టుకు నిలబడ్డ ఇద్దరి పేర్లు చెప్పారు. లక్షా పంతొమ్మిది వేలు వచ్చిన ఊసే లేదు. చివరికి లేచి నిలబడ్డారు.

"సరే తీసీండి. కానీ ఆ తొంభై ఆరు మీటర్లు నాకు నమ్మకం లేదు. ఎక్కువే ఉంటాది. పైకి రండి, ఇప్పుడే కొలిసీద్దాం."

టెర్రసు మీద గాలికి నిలబడలేకపోయాం. ఆయన పంచె ఎగ్గట్టుకుని పిట్టగోడ మూల దగ్గర కూర్చుని టేపు మొదలు పట్టుకున్నారు.

"సున్నా దగ్గర పట్టుకోకండి, తుప్పు పట్టింది" అని అరిచాను. "పది దగ్గర పట్టుకోండి."

"ఆ పదీ మళ్ళీ నా లెక్కలోంచి తీసీకండి బాబూ" అని అటు నుంచి ఆయన అరిచారు.