అధ్యయన పరిమితులు

రాత్రి ఫోన్ పక్కన పెడితే నిద్ర ఎలా మారుతుందో చూసిన ఈ అధ్యయనంలో పాల్గొన్నది 24 మందే. 5 శాతం సిగ్నిఫికెన్స్ స్థాయిలో, 80 శాతం పవర్‌తో మేం గుర్తించగలిగేది ముందు-తర్వాత తేడాల ప్రామాణిక విచలనంలో సుమారు 0.6 వంతు, అంతకు మించిన మార్పునే. కాబట్టి నిద్ర నాణ్యత స్కోరు మారలేదంటే ప్రభావం లేదని కాదు. నిద్ర సమయంలో కనిపించిన పెరుగుదల అసలుకంటే పెద్దదిగా తేలి ఉండవచ్చు.

నిద్ర వేళలను పాల్గొన్నవారే డైరీలో రాశారు. కొందరు రెండు మూడు రోజులవి ఒకేసారి నింపినట్టు చేతిరాతే చెబుతోంది. రాత్రి ఫోన్ పక్కన పెట్టామన్న స్పృహతో ఎక్కువ నిద్రపోయామని రాసే అవకాశమూ ఉంది. ఈ పక్షపాతం శాంపిల్ పెంచినా పోదు.

అందరూ ఒకే హాస్టల్ విద్యార్థినులు, స్వచ్ఛందంగా వచ్చినవారు. షిఫ్టు ఉద్యోగులకు, వృద్ధులకు ఈ ఫలితాలు వర్తిస్తాయని చెప్పలేం.